కన్య, వృశ్చికం, మకరం: మూడు రాశులు పొసగని ఒక జాతకం

జాతకురాలు ముప్పై దాటిన ఉద్యోగిని. జ్యోతిషం సరదాగా నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా పుట్టిన సంవత్సరం, ఊరు, వృత్తి ఇక్కడ రాయడం లేదు. సెప్టెంబరు మొదటి వారం, మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలు, శుక్ల సప్తమి. ఈ కేసుకు ఇంతవరకు చాలు.

ఈ జాతకాన్ని రాసి పెట్టడానికి కారణం ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సూర్యుడున్న రాశి, చంద్రుడున్న రాశి, పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి అయిన లగ్నం ఈ మూడింటినీ కలిపి చదవబోయి ఎక్కడెక్కడ తట్టుకుంటారో ఆ చోట్లన్నీ ఇందులో ఒక్కచోటే దొరికాయి.

ఆవిడ తెచ్చిన సమస్య

"నా సూర్యరాశి కన్య, చంద్రరాశి వృశ్చికం, లగ్నం మకరం. మూడింటి గురించీ చదివాను. కన్య వాళ్ళు ప్రతిదీ లెక్కగా చూస్తారట, వృశ్చికం వాళ్ళకి కోపం, పట్టుదల ఎక్కువట, మకరం వాళ్ళు గంభీరంగా ఉంటారట. ఒక్కోసారి మూడూ నేనే అనిపిస్తుంది, ఒక్కోసారి ఏదీ కాదనిపిస్తుంది. ఇంతకీ ఏది నేనండీ?"

దీని వెనక ఇంకో భయం ఉంది. వృశ్చికంలో చంద్రుడు నీచ పొందుతాడని చదివినప్పటి నుంచి, తన మనసే బలహీనమైనదన్న టెన్షన్ పట్టుకుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడాన్ని కూడా దాని ఖాతాలోనే వేసుకుంది. నిద్ర సంగతి డాక్టరుకు చూపించమని మొదటి రోజే చెప్పాను. దానికి జాతకంలో వెతకడం నా పని కాదు.

అప్పటికే ఆవిడ చేసి చూసినవి

మొదట మూడు వర్ణనలనీ పక్కపక్కన రాసుకుని, ఉమ్మడిగా ఉన్న మాటలు ఏరింది. కష్టపడతారు, లోపలి మాట బయటపెట్టరు, త్వరగా నమ్మరు. ఇలాంటివి నాలుగైదు మిగిలాయి. వీటితో ఇబ్బంది ఏమిటంటే, ఎవరికి చదివి వినిపించినా "నా గురించే" అంటారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రామ్ ఫోరర్ 1948లో తన క్లాసులోని 39 మంది విద్యార్థులకు, విడివిడిగా రాసినట్టు చెప్పి ఒకటే వర్ణన ఇచ్చాడు. అందులోని వాక్యాలు చాలావరకు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందుకే స్వభావ వర్ణన "సరిపోయింది" అన్న మాటను నేను ఆధారంగా తీసుకోను. ఈ కేసులో తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నిటికీ ఈ జాగ్రత్తే మూలం.

తర్వాత ఆవిడ ఇంకో సూత్రం పట్టుకుంది: లగ్నం బయటికి కనిపించే మనిషి, చంద్రుడు లోపలి మనిషి, సూర్యుడు అసలు మనిషి. దీన్ని పూర్తిగా తప్పు అనలేం. లగ్నం దేహానికీ జీవితం నడిచే తీరుకీ, చంద్రుడు మనసుకీ, సూర్యుడు ఆత్మగౌరవానికీ తండ్రికీ అధికారానికీ కారకులని శాస్త్రం చెబుతుంది. కానీ ఈ సూత్రంతో చదివితే ముగ్గురు వేరు వేరు మనుషులు తయారవుతారు తప్ప, వాళ్ళ మధ్య సంబంధమేమిటో తెలియదు. ఆవిడ అక్కడే ఆగిపోయింది.

మొదటి నిర్ణయం: మూడూ ఒకే కొలతవేనా?

అర్థాల జోలికి పోకముందు, ఆ మూడు పేర్లూ ఎక్కడెక్కడి నుంచి వచ్చాయని అడిగాను. సూర్యుడు కన్య అన్నది ఫోన్‌లోని ఒక పాశ్చాత్య జ్యోతిష యాప్ చెప్పింది. చంద్రుడు వృశ్చికం అన్నది చిన్నప్పుడు పంచాంగం చూసి రాయించిన జాతకంలోది. లగ్నం ఇంకో సాఫ్ట్‌వేర్‌లోంచి తీసుకుంది.

పాశ్చాత్యులు వాడేది సాయన పద్ధతి. అందులో వసంత విషువత్తు దగ్గర, అంటే మార్చి 20 ప్రాంతంలో, సూర్యుడున్న చోటు నుంచి మేషం మొదలవుతుంది. మన పంచాంగాలది నిరయన పద్ధతి, నక్షత్రాలను ఆధారంగా తీసుకుంటుంది. అందులో సూర్యుడు మేషంలోకి వచ్చేది ఏప్రిల్ 14 ప్రాంతంలో. రెండింటి మధ్య తేడాను అయనాంశ అంటారు. అది ఇప్పుడు దాదాపు 24 డిగ్రీలు. రాశి మొత్తం 30 డిగ్రీలే కాబట్టి, ఒక పద్ధతి నుంచి రెండో పద్ధతికి మారితే ఎక్కువ మందికి సూర్యరాశి ఒక రాశి వెనక్కి వస్తుంది.

ఈవిడకు నిరయనంలో సూర్యుడు సింహం 20 డిగ్రీల దగ్గర, చంద్రుడు వృశ్చికం 8 డిగ్రీల దగ్గర, అనూరాధ రెండో పాదంలో ఉన్నారు. సాయనంలోనైతే సూర్యుడు కన్య, చంద్రుడు ధనుస్సు. అంటే ఆవిడ చదువుకున్న 'కన్య, వృశ్చికం' జంట ఏ పద్ధతిలోనూ లేదు. సూర్యుణ్ణి ఒక కొలతలో, చంద్రుణ్ణి ఇంకో కొలతలో తీసుకుంటే వాళ్ళ మధ్య దూరమే తప్పుతుంది, ఇక కలిపి చదవడం ఎలా?

ఏ పద్ధతి సరైనదన్న వాదనలోకి నేను వెళ్ళలేదు. నేను పనిచేసేది నిరయనంలో, కాబట్టి మూడింటినీ నిరయనంలోనే తీసుకున్నాం. సాయనం వాడేవాళ్ళు మూడింటినీ సాయనంలో తీసుకుంటే సరి.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా చూసుకునే రెండు పరీక్షలు కొత్తవాళ్ళు తప్పక నేర్చుకోవాలి. మొదటిది తిథి. అమావాస్య నాడు సూర్యచంద్రులు ఒకే చోట ఉంటారు, పౌర్ణమి నాడు ఎదురెదురుగా. ఒక్కో తిథికి మధ్య దూరం 12 డిగ్రీలు పెరుగుతుంది. శుక్ల సప్తమి అంటే 72 నుంచి 84 డిగ్రీల లోపు. ఇక్కడ సింహం 20 నుంచి వృశ్చికం 8 వరకు 78 డిగ్రీలు, సరిపోయింది. రెండోది పుట్టిన వేళ. లగ్నాన్ని ఒకటిగా పెట్టుకుని వరసగా లెక్కించే రాశులనే ఇళ్ళు అంటాం. సూర్యోదయానికి పుడితే సూర్యుడు లగ్నం దగ్గరే ఉంటాడు, మిట్టమధ్యాహ్నం పదో ఇంటి దగ్గర, సూర్యాస్తమయానికి ఏడో ఇంటి దగ్గర, అర్ధరాత్రి నాలుగో ఇంటి దగ్గర. మధ్యాహ్నం మూడుంపావు అంటే పదికీ ఏడుకీ మధ్య, అంటే తొమ్మిదిలోనో ఎనిమిదిలోనో ఉండాలి. మకర లగ్నానికి సింహం ఎనిమిదో ఇల్లు. అదీ కుదిరింది. ఉదయం, సాయంత్రం తారుమారైన జాతకాలు ఈ పరీక్షలో ఇట్టే దొరికిపోతాయి.

రెండో నిర్ణయం: లగ్నాన్ని పక్కన పెట్టడం

పుస్తకాల్లో చదివే క్రమం లగ్నంతో మొదలవుతుంది, అది న్యాయమే. భావాలన్నీ, అంటే ఇళ్ళన్నీ, అక్కడి నుంచే లెక్కిస్తాం కదా. కానీ మూడింటిలో అన్నిటికంటే నమ్మకం తక్కువైనదీ లగ్నమే. సూర్యుడు ఒక రాశిలో నెల రోజులుంటాడు, చంద్రుడు రెండుంపావు రోజులు, లగ్నం సుమారు రెండు గంటలు. సగటున నాలుగు నిమిషాలకు లగ్నం ఒక డిగ్రీ కదులుతుంది. పుట్టిన సమయం పావుగంట తప్పితే సూర్యుడికి ఏమీ కాదు, చంద్రుడు ఆవగింజంత కదులుతాడు, లగ్నం మాత్రం రాశే మారిపోవచ్చు.

ఈ జాతకంలో లగ్నం మకరం 1 డిగ్రీ. అయిదారు నిమిషాలు ముందైతే ధనుస్సు చివర. పైగా నమోదైన సమయం 3:15. అలా సరిగ్గా పావులో, అర్ధలో ఉన్న సమయాలను చూస్తే ఎవరో గుండ్రం చేశారేమోనని నాకు అనుమానం వస్తుంది. అందుకని ముందు లగ్నం లేకుండా ఎంత చదవగలమో చదివాం. సాయనంలో ఈ చిక్కు లేదన్నది గమనించదగ్గ సంగతి. అక్కడ లగ్నం మకరం 24 దగ్గర ఉంటుంది, పది నిమిషాలు అటూ ఇటూ అయినా మకరమే.

లగ్నంతో పని లేకుండా ఖాయంగా తెలిసినవి ఇవి. సూర్యుడు సింహంలో, అంటే సొంత ఇంట్లో ఉన్నాడు. చంద్రుడు నీచ రాశిలో ఉన్నా శుక్ల పక్షంలో పెరుగుతున్నాడు, సగానికి దగ్గరగా వెలుగు నిండింది. ఇక ఆ వృశ్చిక రాశికి అధిపతి కుజుడు ఎక్కడున్నాడని చూస్తే సింహంలో, సూర్యుడి పక్కనే ఉన్నాడు.

మూడు రాశులను కలిపే దారం ఇక్కడ దొరికింది. ఒక గ్రహం ఏ రాశిలో ఉందో ఆ రాశి వర్ణనను అప్పజెప్పడం కన్నా, ఆ రాశి అధిపతి ఎక్కడికి వెళ్ళాడో వెతకాలి. చంద్రుడి ఇంటి యజమాని సూర్యుడి ఇంట్లో కూర్చున్నాడు. అంటే ఈ మనిషిలో మనసుకు సంబంధించిన వ్యవహారాలు మనసు దగ్గర ఆగకుండా సూర్యుడి దగ్గరకు, అంటే పరువు, బాధ్యత, గుర్తింపు వైపు వెళ్తాయి. పైగా చంద్రుడి నుంచి లెక్కిస్తే సింహం పదో రాశి, అది కర్మస్థానం. దాని అధిపతి అందులోనే ఉన్నాడు. కలత పుడితే అది పనిగా మారుతుందని చదవాలి.

ఇది పరీక్షించగలిగిన మాట. "మీరు సున్నితమైనవారా?" అని అడిగితే ఎవరైనా అవునంటారు కాబట్టి అలా అడగలేదు. "ఇంట్లో పెద్ద గొడవ జరిగిన మర్నాడు ఏం చేస్తారు?" అని అడిగాను. ఎవరితోనూ మాట్లాడనని, ఆఫీసులో ఎన్నాళ్ళుగానో మూలపడ్డ పనులన్నీ ఆ రోజే పూర్తి చేసేస్తానని చెప్పింది. ఏడుస్తాననో, అమ్మకు ఫోన్ చేస్తాననో చెప్పి ఉంటే నేను ఈ చదువును పక్కన పెట్టేవాణ్ణి.

నీచ చంద్రుడి భయం గురించి ఆవిడే తర్వాత అడిగింది. నీచ రాశి అధిపతి చంద్రుడికి కేంద్రంలో, అంటే ఒకటి, నాలుగు, ఏడు, పది రాశుల్లో ఒకదానిలో ఉంటే నీచ దోషం తొలగుతుందని, దాన్ని నీచభంగం అంటారు, ఇక్కడ కుజుడు చంద్రుడికి పదో రాశిలో ఉన్నాడు కాబట్టి ఆ నియమం వర్తిస్తుంది. అయితే ఆ కుజుడు సూర్యుడికి 8 డిగ్రీల దగ్గర్లో ఉండి అస్తంగతుడయ్యాడు, అంటే సూర్యుడి వెలుగులో పడి బలం తగ్గాడు, కాబట్టి భంగం పూర్తి బలంతో జరిగిందని అనలేను. అలా అంటే తనకు ఊరటగా ఉండేది, కానీ నేర్చుకునే మనిషికి సగం లెక్క చూపించడం సబబు కాదు. నీచ అన్నది ఆ గ్రహానికి అనువుకాని చోటు. మనిషి మీద అది తీర్పేమీ కాదు. ఎవరి ద్వారా పని జరుగుతుందో చూడాలి, అంతే.

ఫలించని ప్రయత్నం: స్వభావం చూసి లగ్నం తేల్చడం

ధనుస్సా, మకరమా? మనిషిని చూసి తేల్చవచ్చునని చాలామంది అనుకుంటారు. ధనుర్లగ్నం వాళ్ళు చురుగ్గా, కలుపుగోలుగా ఉంటారని, మకరం వాళ్ళు ఆచితూచి మాట్లాడతారని పుస్తకాల్లో ఉంటుంది. ఈవిడ తక్కువ మాట్లాడుతుంది, నవ్వు అరుదు. చూడగానే మకరం అనేస్తాం, ఆవిడ కూడా అదే అనుకుంది.

అయితే జాతకంలో శని ధనుస్సులో ఉన్నాడు. ధనుర్లగ్నమే అయితే శని సరిగ్గా లగ్నంలో కూర్చుంటాడు, అప్పుడు ధనుస్సు మనిషి కూడా మకరంలాగే కనిపిస్తుంది. మకరానికి అధిపతి ఎటూ శనే. రెండు లగ్నాలూ ఒకే రూపాన్ని చూపిస్తున్నప్పుడు రూపంతో తేల్చలేం. లగ్న రాశి వర్ణన ఒక్కటే చదివి ఆగకుండా, లగ్నంలో ఎవరున్నారో కూడా చూడాలన్న నియమం ఇలాంటి చోట్లే అక్కరకొస్తుంది.

ఫలించినది: ముందే రాసుకున్న ప్రశ్నలు

లగ్నం మారితే సూర్యచంద్రులు మారరు, వాళ్ళు కూర్చున్న గది మారుతుంది. ధనుస్సుకైతే సూర్యుడు భాగ్యాధిపతిగా తొమ్మిదో ఇంట్లోనే ఉంటాడు, చంద్రుడు అష్టమాధిపతిగా పన్నెండులో ఉంటాడు. మకరానికైతే అదే సూర్యుడు అష్టమాధిపతిగా ఎనిమిదిలో, చంద్రుడు సప్తమాధిపతిగా పదకొండులో. ఒకే సింహ సూర్యుడికి రెండు వేరు కథలు. ఒకటి తండ్రి, గురువులు, పెద్ద చదువుల వైపు, ఇంకొకటి ఆకస్మిక మార్పులు, వారసత్వం, దాచిన విషయాల వైపు.

ఆవిడను ఏమీ అడగకముందే, రెండు లగ్నాలకూ జీవితంలో ఏ సంఘటనలు ఉండాలో కాగితం మీద రాసిపెట్టాను. జవాబులు విన్నాక రాస్తే ఏ లగ్నానికైనా అతికించేయగలం, అందులో మాకు అనుభవం బాగానే ఉంటుంది. రాసిన వాటిలోంచి ఒక ప్రశ్నను నేనే కొట్టేశాను. 'పుట్టిన ఊరికి దూరంగా ఉంటున్నారా?' అన్నది అది. ధనుస్సుకు చంద్రుడు పన్నెండులో ఉన్నాడు కనుక అవును. మకరానికి లగ్నాధిపతి శని పన్నెండులో ఉన్నాడు కనుక అప్పుడూ అవునే. రెండు వైపులా ఒకే జవాబు వచ్చే ప్రశ్న దేన్నీ తేల్చదు.

మిగిలినవి మూడు. పెద్ద చదువు ఎలా సాగింది? తండ్రి పట్టుబట్టి చదివించాడని, మధ్యలో ఆటంకం లేదని చెప్పింది. ఇది ధనుస్సు వైపు. ఉద్యోగంలో హఠాత్తుగా తెగిపోయిన ఘట్టాలుగానీ, ఆస్తి పేచీలుగానీ ఉన్నాయా? లేవు, మొదటి నుంచీ ఒకే రంగం, ఒక పెద్దావిడ చేయిపట్టి నడిపించింది. ఇదీ ధనుస్సు వైపే. స్నేహితుల వలయం ఎంత, వాళ్ళ వల్ల ఏం జరిగింది? స్నేహితులు ఇద్దరు ముగ్గురే, కానీ పెళ్ళి సంబంధం మాత్రం ఒక స్నేహితురాలి ద్వారానే కుదిరింది. సప్తమాధిపతి లాభస్థానంలో ఉన్న మకరానికి ఇది బాగా సరిపోతుంది.

సంఘటనల్లో రెండు ధనుస్సు వైపు, ఒకటి మకరం వైపు వచ్చాయి. దీనికి తోడు సమయం గురించి ఇంట్లో పెద్దవాళ్ళను కనుక్కోమన్నాను. బిడ్డను శుభ్రం చేసి తెచ్చాక గడియారం చూసి రాసిన సమయమని తెలిసింది. అంటే అసలు సమయం 3:15 కంటే ముందే తప్ప తర్వాత కాదు. ధనుర్లగ్నాన్ని పని నడవడానికి ఒప్పుకున్నాం. పెళ్ళి విషయం ఎదురుగా నిలబడే ఉంది, దాన్ని సర్దిచెప్పడానికి నేను ప్రయత్నించలేదు, నోట్సులో అలాగే ఉంచాను.

మూడింటినీ కలిపి చదివినప్పుడు

ఇప్పుడు వాక్యం రాయమన్నాను. రాశి పేర్లు వాడకూడదు, అధిపతులూ ఇళ్ళూ మాత్రమే వాడాలి అన్నది షరతు. ఆవిడ రాసింది ఇంచుమించు ఇలా ఉంది: నన్ను కలవరపెట్టేవి ఒంటరిగా, ఎవరికీ కనబడకుండా జరుగుతాయి, ఎందుకంటే అష్టమాధిపతి చంద్రుడు పన్నెండులో ఉన్నాడు. ఆ ఇంటి యజమాని కుజుడు తొమ్మిదిలో, బలమైన సూర్యుడి దగ్గర ఉన్నాడు, కాబట్టి ఆ కలవరం చదువు దగ్గరో, గురువు దగ్గరో దారి వెతుక్కుంటుంది. లగ్నాధిపతి బృహస్పతి ఏడో ఇంటి నుంచి లగ్నాన్ని చూస్తున్నాడు, లగ్నంలో శని ఉన్నాడు, కాబట్టి ఎదుటి మనిషి మాట కలిపితేనే నేను తెరుచుకుంటాను.

రాసి, కాసేపు ఆగి, "నాకు బాగా గడ్డుగా గడిచిన సంవత్సరంలోనే దూరవిద్యలో ఇంకో డిగ్రీకి కట్టాను" అంది. లగ్నం లేకుండా చదివినప్పుడు 'కలత పనిగా మారుతుంది' అన్నంత వరకే చెప్పగలిగాం. లగ్నం వచ్చాక ఆ పని ఏ రకందో కాస్త దగ్గరగా తెలిసింది. లగ్నం చేర్చిన తేడా అంతే. ఆ తేడా తప్పని తేలినా కింద ఉన్న సూర్యచంద్రుల పాఠం చెదరకుండా ఉంటుంది. ఖాయమైన వాటితో మొదలుపెట్టి, సందేహమున్నదాన్ని చివర చేర్చడం వల్ల వచ్చే లాభం ఇదే.

లగ్నం, చంద్రుడు, సూర్యుడు మూడింటి నుంచీ ఒకేసారి భావాలు లెక్కించే సుదర్శన చక్రం పరాశర సంప్రదాయంలో ఉంది. ఒక భావాన్ని మూడు వైపుల నుంచి చూసి, రెండు మూడు చోట్ల ఒకే మాట వస్తేనే గట్టిగా చెప్పడం దాని పద్ధతి. ఈ కేసులో మేం చేసింది దానికి చిన్న రూపం. కొత్తవాళ్ళు చక్రం మొత్తం గీయనక్కర్లేదు, ముందు ఒక్క పదో ఇంటిని మూడు చోట్ల నుంచి చూస్తే చేయి తిరుగుతుంది.

ఈ పద్ధతి ఎంతవరకు

ఇక్కడ జరిగిందంతా సంప్రదాయం లోపలి తర్కం. ఎవరి జాతకమో జ్యోతిషులకు తెలియనివ్వకుండా వాళ్ళ చదువులను పరీక్షించిన ప్రయోగాల్లో, ఉదాహరణకు షాన్ కార్ల్‌సన్ 1985లో నేచర్ పత్రికలో ప్రచురించిన దానిలో, జ్యోతిషులు యాదృచ్ఛికానికి మించి ఫలితం చూపించలేకపోయారు. ఒక్క జాతకంలో ప్రశ్నలు కుదరడం దానికి జవాబు కాదు. ఇలా చదివిన మాట మీద ఉద్యోగం మానడం, వైద్యం ఆపడం లాంటి నిర్ణయాలు తీసుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను, ఆవిడకూ చెప్పాను.

పద్ధతికి లోపలి హద్దు కూడా ఒకటుంది. అమావాస్య నాడు సూర్యోదయానికి పుట్టినవాళ్ళకు సూర్యుడు, చంద్రుడు, లగ్నం చాలాసార్లు ఒకే రాశిలో పడతాయి. అప్పుడు పోల్చడానికి మూడు చోట్లు ఉండవు, సుదర్శన చక్రంలో మూడు వలయాలూ ఒకటే అవుతాయి. అధిపతి ఒక్కడే కాబట్టి అతని స్థితి బాగుంటే అంతా బాగున్నట్టు, చెడితే అంతా చెడినట్టు కనిపిస్తుంది. అలాంటి జాతకాల్లో ఈ మూడింటిని పట్టుకుని ఎక్కువ దూరం పోకుండా, ఆ రాశ్యధిపతి ఉన్న ఇంటినీ, పక్కనున్న గ్రహాలనూ చూసుకుంటూ ముందుకు వెళ్ళాలి.